తూర్పుగా ఒక చుట్టు టికెట్

ఆ వాణిజ్య సముదాయం రెండో అంతస్తులో మెట్ల పక్కన విమాన టికెట్ల ఆఫీసు, దానికి ఎదురుగా కళ్ళద్దాల దుకాణం. టికెట్ల ఆఫీసాయన్ని అందరూ భూగోళం గారనే పిలుస్తారు. అది ఆయన అసలు పేరు కాదని పోస్టు ఇచ్చే మనిషికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఆ పేరు రావడానికి కారణం ఉంది. రానూపోనూ టికెట్లు ఎప్పుడో జనం చేతిలోని ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. ఆ అంతస్తులో మిగతా ట్రావెల్ ఆఫీసులు ఒక్కొక్కటే మూతపడి జిరాక్సు షాపులయ్యాయి. ఈయన మాత్రం మిగిలాడు. నాలుగైదు ఖండాలు ఒకే ప్రయాణంలో తిరిగి రావాలనుకునేవాళ్ళు ఫోన్లో సగం దూరం వెళ్ళి, ఎక్కడో సముద్రం మధ్యలో చిక్కుకుని, చివరికి ఈయన మెట్లెక్కేవారు. అలాంటి వాళ్ళు నెలకు ఇద్దరో ముగ్గురో. ఒక్కొక్కరితో మూడేసి రోజులు కూర్చునేవాడు.

వచ్చినవాళ్ళందరికీ మొదట ఒకే మాట చెప్పేవాడు. "భూమి గుండ్రంగానే ఉందండీ. టికెట్‌కి మాత్రం ముందూ వెనకా ఉన్నాయి." ఆ తర్వాత టేబుల్ మీది గ్లోబు ముందుకు జరిపి, ప్రపంచం చుట్టే టికెట్ అంటే ఏమిటో విప్పేవాడు. కొన్ని విమాన సంస్థలు జట్టు కట్టి అమ్మే టికెట్ అది. తూర్పుకైనా పడమరకైనా ఒకే దిక్కుగా పోవాలి. అట్లాంటిక్ ఒక్కసారి, పసిఫిక్ ఒక్కసారి దాటాలి. బయలుదేరిన దేశానికే తిరిగి రావాలి. ఏడాది లోపల ముగించాలి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఒక అంచె, అలాంటివి మొత్తం పదహారు మించకూడదు. కొన్ని జట్లు మైళ్ళు లెక్కపెడతాయి, కొన్ని ఖండాలు లెక్కపెడతాయి. ఖండంలో దిగి ఊరు చూసినా, విమానాశ్రయం దాటకుండా విమానం మారినా, ఖండం ఖండమే.

ఇది విని సగంమంది లేచిపోయేవారు. రెండు ఊళ్ళకే వెళ్ళాలనుకునే వాళ్ళని ఆయనే లేపి పంపేవాడు. మీకు మామూలు టికెట్ చాలు, ఇంత పెద్ద తాడు ఎందుకు అనేవాడు. వ్యాపారం చేసే పద్ధతి ఇది కాదని ఆడిటరైన కూతురు ఎన్నోసార్లు చెప్పింది. ఆయన విన్నాడు, మార్చుకోలేదు. భార్య పోయి చాలాకాలమైంది. కూతురు అదే ఊళ్ళో వేరే పేటలో కాపురం ఉండేది. మధ్యాహ్నం డబ్బా భోజనం, సాయంత్రం నడక, ఆదివారం కూతురింట్లో మనవడితో చదరంగం. ఆ చదరంగంలో ఆయన ఓడిపోవడం కూడా ఏళ్ళ తరబడి అలవాటైన సంగతే.

ఎదురు దుకాణం కళ్ళద్దాలావిడది. అరవై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోకూడదని కాదు, తీరిక దొరకలేదు. తల్లీతండ్రీ ఒకరి వెనక ఒకరు పోయేసరికి పెద్దన్నయ్య అప్పటికే ఓడ ఎక్కి ఉద్యోగంలో ఉన్నాడు. ఒక తమ్ముడు, ఇద్దరు చెల్లెళ్ళు ఈవిడ చేతుల్లో పడ్డారు. వాళ్ళని చదివించింది. చదువుకున్నవాళ్ళు చదువుకున్నట్టే తలొక దిక్కూ పోయారు. పెద్దన్నయ్య దక్షిణ అమెరికా తూర్పు తీరాన ఒక రేవులో ఓడల తనిఖీ అధికారిగా చేసి అక్కడే స్థిరపడ్డాడు. పెద్దచెల్లెలు యూరప్‌లో ఒక చిన్న ఊళ్ళో నర్సులకు పాఠాలు చెబుతోంది. తమ్ముడు ఆఫ్రికాలో వంతెనలు కడుతున్నాడు. అందరికంటే చిన్నది ఆస్ట్రేలియాలో సిటీ బస్సు నడుపుతోంది.

వీళ్ళిద్దరికీ పరిచయం ఎలా ముదిరిందంటే, ఏడాదికోసారి ఆయన కళ్ళు చూపించుకునేవాడు. తర్వాత ఆర్నెల్లకోసారి, ఆ తర్వాత నెలకోసారి. ఒకరోజు ఆవిడ ఆయన గడ్డం కళ్ళు పరీక్షించే పరికరం మీద ఆనించి, ఒక కన్ను మూసి రెండో కంటితో కింది వరుస చదవమంది. ఆయన చదివాడు. ఆవిడ దీపం ఆర్పి, "మీ చూపు మారి మూడేళ్ళయిందండీ. ఇన్నిసార్లు రావడానికి వేరే కారణం ఉంటే చెప్పండి" అంది.

ఆయన గడ్డం తీయకుండానే కారణం చెప్పాడు.

ఆవిడ కాసేపు అద్దాలు తుడిచింది. తనకు అభ్యంతరం లేదని, కాకపోతే ఇంట్లోవాళ్ళకి చెప్పాలని అంది. ఎక్కడున్నారని ఆయన మాటవరసకి అడిగాడు. నాలుగు ఖండాల్లో అంది. భూగోళం గారు లేచి, అలవాటుకొద్దీ, "అయితే ఎదురుగా రండి, కూర్చుని చూద్దాం" అన్నాడు.

ఆ మర్నాడే కూర్చున్నారు. అనుమతి అడగడానికి కాదని ఆవిడ ముందే తేల్చింది. ఈ వయసులో అనుమతి ఏమిటి, తెలియజేయడం మాత్రమే. అయితే ఎదురుగా కూర్చుని తెలియజేయాలి. నలభై ఏళ్ళుగా వాళ్ళ పెళ్ళిళ్ళు, పురుళ్ళు, బదిలీలు అన్నీ ఫోన్లోనే విన్నది. తనకంటూ చెప్పుకోవడానికి జీవితంలో వచ్చిన ఒక్క కబురూ ఫోన్లో ఖర్చుపెట్టదలుచుకోలేదు.

అసలు చిక్కు వరసతో వచ్చింది. పెద్దన్నయ్యకి అందరికంటే ముందు తెలియాలి. ఆయన నియమాల మనిషి. ఓడలో ఒక్క మేకు తక్కువైనా రేవు దాటనివ్వని ఉద్యోగం చేసి చేసి, ఇంట్లో కూడా మేకులు లెక్కపెట్టే స్వభావం పట్టుకుంది. చిన్నచెల్లెలు తన పెళ్ళి సంగతి ఊరందరికీ చెప్పి ఆఖరున ఆయనకి చెప్పింది. మూడేళ్ళు ఆయన ఆ పిల్లతో మాట్లాడలేదు. ఇప్పుడిప్పుడే ఇద్దరూ ఆరోగ్యం ఎలా ఉందంటే ఎలా ఉందని అడిగే దాకా వచ్చారు.

భూగోళం గారు గ్లోబు తిప్పాడు. పడమరగా బయలుదేరితే మొదట తమ్ముడు, తర్వాత పెద్దచెల్లెలు, ఆ తర్వాత అన్నయ్య. మూడోవాడు. తూర్పుగా బయలుదేరితే మొదట తగిలేది చిన్నచెల్లెలు, రెండోది అన్నయ్య. వెనక నుంచి చూసినా ముందు నుంచి చూసినా ఆయన మొదటివాడు కావడం లేదు.

"ఆఫ్రికా మీదుగా ఆగకుండా అన్నయ్య దగ్గరికి పోయి, అక్కణ్ణించి యూరప్ వెనక్కి వస్తే?" అంది ఆవిడ.

"అట్లాంటిక్ రెండుసార్లు దాటినట్టవుతుందండీ. కుదరదు."

"ఉత్తర అమెరికా మీదుగా?"

అది దారేనని ఆయన ఒప్పుకున్నాడు. కాకపోతే అక్కడ విమానం మారడానికి కూడా వీసా కావాలి, ఆ వీసాకి ఇంటర్వ్యూ తేదీ మరుసటి ఏడాదికి ఉంది. అంతదాకా ఆగుదామా అని అడిగాడు. ఆవిడ తన వయసు చెప్పింది. ఆయనకూ తన వయసు గుర్తొచ్చింది. ఆ దారి అక్కడితో మూతపడింది.

చివరికి ఆయన ఒక దారి తీశాడు. తూర్పుగా పోవాలి. ఆస్ట్రేలియాలో విమానం మారాలి కానీ ఆగినట్టు కాకూడదు. ఒక ఊళ్ళో ఇరవై నాలుగు గంటలు దాటితేనే ఆగినట్టు లెక్క. సాయంత్రం దిగి మర్నాడు ఒంటిగంటకి పసిఫిక్ విమానం ఎక్కితే అది మజిలీ కిందికి రాదు, ఉత్త మార్పిడే. అక్కణ్ణించి దక్షిణ అమెరికా పడమటి తీరం. తర్వాత యూరప్, ఆఫ్రికా, ఇల్లు. ఇంటికొచ్చాక చిన్నచెల్లెలి దగ్గరికి విడిగా మామూలు రానూపోనూ టికెట్ తీసుకోవాలి, ఎందుకంటే ఒకసారి వదిలిన ఖండంలోకి ఈ టికెట్ మీద మళ్ళీ అడుగుపెట్టనివ్వరు. ఆస్ట్రేలియాలో దిగకపోయినా ఆ ఖండానికి ఛార్జీ మాత్రం పడుతుంది. ఇదంతా ఆయన ఒక పరాయి మనిషికి చెప్పినట్టే చెప్పాడు.

దిగేది పడమటి తీరంలో, యూరప్ విమానం ఎక్కేది అన్నయ్య ఉండే తూర్పు తీరంలో. మధ్యలో కొండలు. అన్నయ్య విమానం ఎక్కడు. అన్ని యంత్రాల లోపాలూ తెలిసిన మనిషి కదా, గాల్లో ఎగిరే యంత్రం మీద నమ్మకం కుదరలేదు. అందుకే ఇన్నేళ్ళుగా ఇంటికీ రాలేదు. కొండల మీదుగా బస్సులో వచ్చి తీసుకెళతానంటాడని ఆవిడ అంది. మంచిది, ఆ ముక్క నేలమీద పోయినా అదీ ఒక అంచె కింద లెక్కలోకి వస్తుంది, మనకు అంచెలు కావలసినన్ని ఉన్నాయి అన్నాడు ఆయన.

ఆవిడ అంతా విని ఒక్క ప్రశ్న వేసింది. "మా చిన్నదాని ఊళ్ళో ఒక రాత్రి ఉండి, దానికి తెలియకుండా వెళ్ళిపోవాలన్నమాట."

"టికెట్ ప్రకారం కుదురుతుందండీ" అన్నాడు ఆయన. ఇంకేం కుదురుతుందో ఆయన చేతిలో లేదు.

టికెట్ రాసేటప్పుడు ఇంకో సంగతి చెప్పాడు. ఇది ఎవరికి రాసినా చెప్పే సంగతే. పసిఫిక్ మీద తేదీ రేఖ దాటుతారు కాబట్టి, ఆ విమానం ఎక్కిన సమయం కంటే దిగే సమయం ముందు ఉంటుంది. అదే తేదీ. చూసి అచ్చు తప్పనుకోకండి. టికెట్ మీద ఎప్పుడూ ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. ఆవిడ సరేనని తలూపి, దుకాణానికి తాళం వేసి, తాళం చెవి ఆయనకే ఇచ్చింది. ప్రయాణం రోజు ఆయన విమానాశ్రయానికి వెళ్ళి పెట్టె మోశాడు. మోయడానికి పెద్దగా ఏమీ లేదు, చేతి పెట్టె ఒక్కటే.  లోపలికి వెళ్ళేముందు ఆవిడ ఆయన కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టింది.

తర్వాత జరిగింది ఆయనకి ఆవిడ ఫోన్ల వల్ల తెలిసింది.

ఆస్ట్రేలియాలో సాయంత్రం దిగింది. విమానాశ్రయానికి ఎదురుగా, నడిచి వెళ్ళే దూరంలో ఆయన చూపించిన హోటల్లోనే గది తీసుకుంది. కిటికీలోంచి బస్టాపు కనిపించింది. ప్రతి బస్సూ ఆగడం, డ్రైవరు ముఖం కనిపించడం, కనిపించినప్పుడల్లా చిన్నదేమోనని తను వెనక్కి తగ్గడం. దాన్ని ఎత్తుకుని బడికి తీసుకెళ్ళింది తనే. జ్వరం వస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది తనే. ఇప్పుడు దాని ఊళ్ళో దొంగలా కర్టెను లాక్కుని కూర్చుంది. తెల్లారి కాఫీ తాగేదాకా ఓర్చుకుంది. ఆ పైన ఓర్చుకోలేకపోయింది. ఫోన్ చేసి, "మీ ఊళ్ళోనే ఉన్నాను, ఒంటిగంటకి విమానం" అంది.

చిన్నది డ్యూటీలో ఉంది. బస్సు మధ్యలో వదిలేసే మనిషి కాదు. ఆ ట్రిప్పు పూర్తిచేసి, ఇంకో డ్రైవరుకి అప్పగించి, యూనిఫారంతోనే పరుగున వచ్చింది. వచ్చేసరికి అక్క లోపలికి వెళ్ళడానికి అరగంట కూడా మిగల్లేదు. అక్కా చెల్లెళ్ళు తనిఖీ ద్వారం పక్కన కుర్చీల్లో కూర్చున్నారు. చెల్లెలు ఏడవలేదు, అలగలేదు. అక్క ముఖం చూస్తూ, "నాకు చెప్పకుండా పోవాలనుకున్నావంటే పెద్దన్నయ్యకే ముందు చెప్పాల్సిన సంగతి ఏదో ఉంది. చెప్పొద్దులే" అంది.

చెప్పొద్దన్న ఆ మాటకే ఆవిడ కరిగిపోయింది. ద్వారం పైన గోడ గడియారం పన్నెండు చూపిస్తుండగా మొత్తం చెప్పేసింది. చిన్నది అక్కని గట్టిగా పట్టుకుంది. అన్నయ్యకి తను చెప్పనని మాటిచ్చింది. మిగతా ఇద్దరి గురించి ఏ మాటా ఇవ్వలేదు. నోట్లో నువ్వుగింజ నానని మనిషి. విమానం ఇంకా రన్‌వే మీద ఉండగానే ఆఫ్రికాకీ యూరప్‌కీ కబురు అందింది.

పన్నెండు గంటలు పైనే ఎగిరాక విమానం పసిఫిక్ అవతల దిగింది. అక్కడ అదే తేదీ, పదకొండుంపావు. చేతి పెట్టె తప్ప ఏమీ లేదు కాబట్టి ఆవిడ అందరికంటే ముందు బయటికొచ్చింది. పెద్దన్నయ్య ఇస్త్రీ చొక్కాలో, రాత్రంతా బస్సులో వచ్చిన మనిషిలా కాక ఓడ తనిఖీకి వచ్చిన మనిషిలా నిలబడి ఉన్నాడు. ఆవిడ ఆలస్యం చేయలేదు. పెట్టె కింద పెట్టి, ఎదురు దుకాణం ఆయన గురించి, తమ నిర్ణయం గురించి నాలుగు మాటల్లో చెప్పింది.

పెద్దన్నయ్య ఆ సంగతి పక్కన పెట్టాడు. "ముందు నాకేనా చెప్పడం?" అన్నాడు.

ఆవిడ అబద్ధం ఆడలేదు. "చిన్నదానికి చెప్పాను. పన్నెండింటికి."

"ఏ రోజు?"

"ఈ రోజే."

పెద్దన్నయ్య తన చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండుకి ఇంకా పది నిమిషాలు ఉంది. ఆయన మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత పెట్టె అందుకుని బస్సు వైపు నడిచాడు. కొండలెక్కి దిగే ఆ ప్రయాణం అంతా ఆయన ఆమెకి దారిలో కనిపించిన మంచు గురించి, బస్సు బ్రేకుల గురించి చెప్పాడు. అసలు మాట మాత్రం ఎత్తలేదు. ఆవిడ కూడా తెగేదాకా లాగలేదు. నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకుంది కానీ పక్కసీటులో ఆయన మధ్యమధ్య గడియారం ముల్లు చూసుకోవడం తెలుస్తూనే ఉంది.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, అక్కడ ఇంకా తెల్లారని వేళ, టికెట్ల ఆఫీసులో ఫోన్ మోగింది. భూగోళం గారు డబ్బా కడుక్కుని వచ్చి తీశాడు. అవతల గొంతు తనెవరో చెప్పి, నమస్కారం పెట్టకుండానే విషయంలోకి దిగింది.

"మా చెల్లెలి టికెట్ రాసింది మీరేనా?"

"నేనేనండి."

"ఇందులో మీకు స్వప్రయోజనం ఉంది."

"ఉందండి."

కొంచెంసేపు కాగితం మీద గీతలు గీస్తున్న చప్పుడు. తర్వాత ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పడమరగా ఎందుకు పంపలేదు? యూరప్ నుంచి వెనక్కి ఎందుకు రాకూడదు? ఉత్తరాన దారి లేదా? భూగోళం గారు ఒక్కోదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వీసా సంగతి, ఏడాది ఆగితే ఆ దారి దొరికేదన్న సంగతి కూడా దాచలేదు. ఆగకపోవడంలో ఆవిడ ఇష్టం ఎంతో తన తొందర కూడా అంతేనని చెప్పాడు.

అప్పుడు అవతలి గొంతు నెమ్మదించింది. "చిన్నదానికి పన్నెండింటికి చెప్పింది. నాకు అదే రోజు పన్నెండుకి పది నిమిషాల ముందు చెప్పింది. దీని మీద మీరేమంటారు?"

భూగోళం గారు రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాడు. ఇంతకాలం వృత్తిలో ఎంతోమందికి తేదీ రేఖ సంగతి వివరించాడు. దాని మీద తన పెళ్ళి వేలాడడం ఇదే మొదలు. మీకే ముందు అనేస్తే ఏ బాధా లేదు. గడియారం సాక్ష్యం ఉంది, టికెట్ సాక్ష్యం ఉంది. ఎవరూ తప్పు పట్టరు. ఆయన గ్లోబు మీద చెయ్యి పెట్టి, "గడియారాల ప్రకారం మీకే ముందండీ. కానీ నిజంగా జరిగింది చూస్తే చిన్నవారికే ముందు తెలిసింది. మధ్యలో పన్నెండు గంటల పైన విమానం నడిచింది. అది పోదు" అన్నాడు.

"నిజం సంగతి నాకు తెలుసు. నేను ఓడల్లో తిరిగినవాణ్ణి" అన్నాడు పెద్దన్నయ్య. "టికెట్ మీద ఏమని ఉంది?"

"ఎక్కడం ఒంటిగంట. దిగడం అదే తేదీ పదకొండుంపావు."

"అచ్చులో అలాగే ఉందా?"

"అలాగే ఉందండి. స్థానిక సమయమే వేస్తారు."

"నాకు అది చాలు" అని పెద్దన్నయ్య ఫోన్ పెట్టేశాడు.

భూగోళం గారు కూడా రిసీవరు పెట్టాడు. గెలిచాడో ఓడాడో తేలలేదు. ఎదురు దుకాణం షట్టరు వైపు చూశాడు. అది ఏమీ చెప్పలేదు. సాయంత్రం ఆవిడ ఫోన్ చేసింది. అన్నయ్య పొద్దున్నే చిన్నదానికి ఫోన్ చేసి అరగంట మాట్లాడాడట. ఎక్కువగా బస్సు బ్రేకుల గురించే. తర్వాత తన దగ్గరికొచ్చి ఒక్క ముక్క చెప్పాడట. "ఒట్టి చాదస్తుడు. తనకు నష్టమని తెలిసీ నిజం చెప్పాడు. నువ్వు అలాంటివాడితోనే ఉండగలవు."

ఇది మెచ్చుకోలేనా అని భూగోళం గారు అడిగాడు. మా ఇంట్లో ఇంతకంటే పెద్దది లేదు అంది ఆవిడ.

ఇక దారంతా పూలబాటే అనుకున్నాడాయన. యూరప్ దగ్గర ఆ భ్రమ తీరింది. పెద్దచెల్లెలికి కబురు ముందే తెలుసు. వరస తప్పిందని ఆమెకి బాధ లేదు. అక్క విశ్రాంతి తీసుకునే వయసు రాగానే తన దగ్గరికి తెచ్చుకోవాలని ఆమె కింది గదికి కొత్త కిటికీలు పెట్టించింది, అక్కకి మెట్లెక్కే పని లేకుండా స్నానాల గది కట్టించింది. ఈ సంగతి ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఆ గదిలోకి అక్క అతిథిలా వచ్చి పెట్టె పెట్టింది. చెల్లెలు నోరెత్తకుండా దుప్పట్లు మార్చింది. ఆ మౌనం రెండు రోజులు నడిచాక ఆవిడ భూగోళం గారికి ఫోన్ చేసి, తేదీ జరపాలి అంది.

తేదీలు జరపడానికి ఈ టికెట్‌లో రుసుము ఉండదు. అదే తరగతిలో, ఆ ఛార్జీకి కేటాయించిన సీటు ఖాళీ ఉంటే చాలు. ఆయన తెర మీద వెతికి పది రోజులు జరిపాడు. పది రోజులకి ఆవిడ మళ్ళీ ఫోన్ చేసింది. చెల్లెలికి మోకాలు ఆపరేషనట, పక్కన ఎవరూ లేరు. ఈసారి నెలన్నర. ఆవిడ రాకని తన వేళ్ళతోనే వెనక్కి నెడుతూ, ప్రతిసారీ "అయిందండీ, కన్‌ఫర్మ్ అయింది" అని చెప్పాడు. అయిందని చెప్పినప్పుడల్లా అవతల ఆవిడ కాస్త ఆగి, "మీరు తిన్నారా" అని అడిగేది. తిన్నానని చెప్పేవాడు. ఒకటి రెండు సార్లు అది నిజం కాదు.

ఆపరేషన్ అయ్యాక చెల్లెలు మంచం మీద నుంచి ఒక ఉపాయం చెప్పింది. ఆఫ్రికా ఎందుకు, తమ్ముణ్ణి ఇక్కడికే రమ్మందాం, నువ్వు ఆ విమానం వదిలేసి ఇక్కడే ఉండు, చివరి విమానం ఎక్కి నేరుగా ఇంటికి పో. ఆవిడ ఆ మాట ఫోన్లో అడిగినప్పుడు భూగోళం గారు గ్లోబు మీద యూరప్ దగ్గర వేలు పెట్టాడు. వదిలేస్తే ఎక్కువ రోజులు అక్కడుంటుంది. తనకి కావలసింది అది కాదు. కానీ అడిగింది టికెట్ గురించి.

"వరసలో ఒక విమానం చెప్పకుండా వదిలేస్తే, ఆ తర్వాతవన్నీ పోతాయండీ" అన్నాడు. "ఆఫ్రికా తీసేయాలంటే దారి మార్చి టికెట్ మళ్ళీ రాయాలి. రుసుము కట్టాలి. అది కుదురుతుంది. మీకు ఉండాలని ఉంటే నేను రాసిపెడతాను." తర్వాత, అడగని మాట ఒకటి జోడించాడు. "మొత్తానికి అక్కడే ఉండిపోవాలని ఉంటే కూడా చెప్పండి. వాడని అంచెలకి వెనక్కి పెద్దగా ఏమీ రాదు. కానీ ఉండడానికి అడ్డేమీ లేదు."

 ఫోన్లో ఆవిడ వెనకాల ఎవరో చేతికర్రతో నడుస్తున్న టక్కుటక్కు వినిపించింది.

"ఇది టికెట్టాయన అడుగుతున్నారా, మీరు అడుగుతున్నారా?" అంది ఆవిడ.

"టికెట్టాయనే" అన్నాడు. కాసేపాగి, "నేనైతే రమ్మంటాను" అన్నాడు.

ఆ మాట ఫోన్ స్పీకరులో చెల్లెలు కూడా విన్నదని ఆయనకి తర్వాత తెలిసింది. ఆ రోజే ఆమె అక్క పెట్టె మంచం కింద నుంచి కర్రతో బయటికి లాగింది. దుప్పట్లు తనే మడతపెట్టుకుంటానంది. ఆ గది ఖాళీగా ఉంచుతానని, ఇద్దరికీ సరిపోయే మంచం వేయిస్తానని, ఏడాదికి ఒక నెల దానికి అద్దెగా వచ్చి ఉండాలని షరతు పెట్టింది. ఆవిడ ఒప్పుకుంది. ఆయన్ని అడగలేదు.

ఆఫ్రికాలో తమ్ముడు అక్కని తన సగం కట్టిన వంతెన మీదికి తీసుకెళ్ళి, అంచు దాకా నడిపించి చూపించాడు. పెళ్ళి గురించి ఒకే ఒక్క ప్రశ్న వేశాడు, ఆయన వంట చేస్తాడా అని. చేయడని తెలిశాక రెండు వారాలు పట్టుబట్టి అక్కకి తనే వండిపెట్టాడు, తర్వాత ఈ సుఖం దొరకదు కదా అని.

చివరి విమానం ఒక శనివారం మధ్యాహ్నం వచ్చింది. భూగోళం గారు ఆఫీసు మూసి విమానాశ్రయానికి వెళ్ళాడు. ఇన్నేళ్ళుగా ఏ విమానం ఎప్పుడు దిగుతుందో ఊరందరికీ చెప్పిన మనిషి, ఆ రోజు వచ్చే ద్వారం ఎటువైపో తెలియక సెక్యూరిటీ అతన్ని అడిగాడు. ఆవిడ బయటికొచ్చేసరికి ఒకటి కాదు, నాలుగు పెట్టెలున్నాయి. ఒక్కో ఇంట్లో ఒక్కొక్కటి అంటగట్టారు. మనిషి కొంచెం నల్లబడింది, కొంచెం చిక్కింది. ఆయన్ని చూసి, తల ఒక పక్కకి వంచి, "కుడి అద్దానికి గీత పడింది. ఎప్పట్నించి?" అంది.

ఆయనకి తెలియదు. తెలియకుండానే ఇన్ని నెలలు అందులోంచి చూశాడు.

వాళ్ళ పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరగడానికి ఇంకా మూణ్ణెల్లు పట్టింది. పెద్దన్నయ్య వస్తానన్నాడు. విమానంలో కాదు. సరుకు ఓడలో ప్రయాణికులకి రెండు గదులుంటాయట, అందులో ఒకటి ఖాయం చేసుకున్నాడు. ఓడ ఎన్ని రేవుల్లో ఆగుతుందో, ఎప్పుడు చేరుతుందో అడగడానికి భూగోళం గారికి ఫోన్ చేశాడు. సముద్రం మీది సంగతులు తనకు తెలియవని ఈయన ఒప్పుకున్నాడు. పెద్దన్నయ్య సంతోషంగా అరగంట చెప్పాడు.